ఆ ఊపిరి ఊపిరి కాదు

మా బావగారికి ఉదయం ఆరు గంటలకు గుండెపోటు వచ్చింది. గుండె ఆగిపోయింది మాత్రం పావుగంట తర్వాత. ఆ పావుగంటా ఆయన మాతో మాట్లాడుతూనే ఉన్నారు.

విశాఖ ఆర్కే బీచ్‌లో రోజూలాగే నడుస్తున్నాం. కురుసుర జలాంతర్గామి దాటగానే ఆయన గట్టు మీద కూర్చుండిపోయారు. "రాత్రి తిన్న పెసరట్టు అరగలేదోయ్. సోడా తాగితే సర్దుకుంటుంది" అన్నారు. సముద్రపు గాలి చల్లగా కొడుతున్నా చొక్కా తడిసి వీపుకు అతుక్కుపోయింది. నొప్పి ఎక్కడని అడిగితే వేలితో చూపించలేకపోయారు. అరచేయి మొత్తం పరిచి రొమ్ము రుద్దుకున్నారు. దవడ కూడా లాగుతోందన్నారు.

గుండె కండరానికి రక్తం తీసుకెళ్లే ధమనిలో కొవ్వు పూత చిట్లి, అక్కడ రక్తం గడ్డకట్టి దారి మూసుకుందని తర్వాత డాక్టరు చెప్పారు. రక్తం అందని మేర కండరం చచ్చిపోతూ ఉంటుంది, మిగతా గుండె కొట్టుకుంటూనే ఉంటుంది. మనిషి స్పృహలో ఉండి సోడా అడిగేది అందుకే.

నడిచి వెళ్లి ఆటో ఎక్కుదామన్నారాయన. నేను కదలనివ్వకుండా గట్టుకు ఆనించి కూర్చోబెట్టి 108కి ఫోన్ చేశాను. వాకింగ్ వేళ ఆ రోడ్డు మీదకు వాహనాలను రానివ్వరు కాబట్టి, జలాంతర్గామి గుర్తు చెప్పి, ఒక కుర్రాణ్ణి బారికేడ్ దగ్గరకు పరిగెత్తించాను. తోటి వాకర్ ఒకరు నాలుక కింద పెట్టే మాత్ర తీశారు. అది బీపీని ఒక్కసారిగా పడగొట్టగలదు. ఆయనకు ఎవరూ రాసివ్వని మందు కనుక వద్దన్నాను.

ఆరుంబావుకు మాట మధ్యలో ఆయన పక్కకు ఒరిగిపోయారు. కాళ్లూ చేతులూ కొన్ని క్షణాలు కొట్టుకున్నాయి. "ఫిట్స్! చేతిలో తాళాలు పెట్టండి" అని ఎవరో అరిచారు, పెట్టారు కూడా. నిజానికి అక్కడ జరిగింది వేరు. దెబ్బతిన్న కండరంలో విద్యుత్ సంకేతాలు చెదిరిపోయి, గుండె కింది గదులు ముడుచుకోవడం మాని వణకసాగాయి. వణికే గుండె రక్తాన్ని తోయలేదు. మెదడుకు రక్తం ఆగిన కొద్ది సెకన్లకే స్పృహ పోతుంది, ఒక్కోసారి ఇలా ఒళ్లు కూడా ఎగిరిపడుతుంది.

అంతలో ఆయన నోరు తెరిచి గుర్రుమని ఒక్క ఊపిరి లాగారు. కాసేపటికి మరొకటి. "ఊపిరి ఆడుతోంది, భయం లేదు" అన్నారు చుట్టూ ఉన్నవాళ్లు. నేనూ అరనిమిషం పాటు అదే నమ్మాను. ఇప్పటికీ నన్ను బాధించేది ఆ అరనిమిషమే. రెండేళ్ల క్రితం మా ఫ్యాక్టరీలో ప్రథమచికిత్స శిక్షణ ఇచ్చినాయన ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరిచి మూసి చూపిస్తే అందరం నవ్వాం. మన పెద్దలు ఎగశ్వాస అనేది దీన్నే. గుండె ఆగాక కూడా మెదడు అడుగుభాగం కాసేపు ఇలా లాగిస్తుంది. భుజం తట్టి పిలిస్తే పలకకుండా, ఊపిరి మామూలుగా లేకుండా ఉంటే చాలు, నాడి వెతుక్కోనక్కర్లేదు, ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి.

ఇసుకలో నొక్కితే వీపు కిందికి దిగిపోతుంది. అందుకని ఆయన్ని ఫుట్‌పాత్ రాళ్ల మీద వెల్లకిలా పడుకోబెట్టాం. రొమ్ము ఎముక కింది సగం మీద ఒక అరచేతిలో మణికట్టు వైపు భాగం, దానిపై రెండో చెయ్యి పెట్టి, మోచేతులు వంచకుండా నొక్కాను. లోతు రెండు అంగుళాలు, వేగం నిమిషానికి 100 నుంచి 120 సార్లు. నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేవనివ్వాలి, లేకపోతే గుండెలోకి రక్తం తిరిగి నిండదు. మొదటి నిమిషంలోనే చేతుల కింద పక్కటెముక టప్పుమంది. ఒళ్లు జలదరించినా ఆపలేదు.

రెండు నిమిషాలకే నా నొక్కుడు పలచబడింది. అక్కడే పరిగెడుతున్న ఒక యువకుడికి చూపించి, ఇద్దరం వంతులు వేసుకున్నాం. మధ్యలో ఎగశ్వాస మళ్లీ వచ్చింది. "బతికారు, ఆపండి" అన్నారొకరు. కళ్లు తెరవలేదు, పిలిస్తే పలకలేదు, కాబట్టి ఆపలేదు. మేం చేస్తున్నది మెదడుకు కాస్త రక్తం అందించడమే. వణుకుతున్న గుండెను దారిలో పెట్టడం సాధారణంగా చేతులతో అయ్యే పని కాదు, దానికి షాక్ కావాలి.

తొమ్మిది నిమిషాలకు అంబులెన్సు వచ్చింది. ఛాతీకి రెండు ప్యాడ్లు అంటించి, అందరినీ దూరం జరగమని షాక్ ఇచ్చారు. అది వణుకును ఒక్క క్షణం పూర్తిగా అణిచేస్తుంది, ఆ ఖాళీలో గుండె తన సొంత లయ అందుకోవాలి. మొదటిదానికి అందుకోలేదు. మళ్లీ రెండు నిమిషాలు నొక్కాక రెండో షాక్‌కు అందుకుంది.

ఆసుపత్రిలో ఆ ధమని తెరిచి స్టెంట్ వేశారు. మూడో రోజు బావగారు పూర్తిగా తెలివిలోకి వచ్చి అడిగిన మొదటి మాట, "ఛాతీ మీద ఏనుగు గానీ తొక్కిందా?" రెండు పక్కటెముకలు విరిగాయని చెప్పాను. ఆరు వారాలు తుమ్మినప్పుడల్లా నన్ను తిట్టారు.