61 సెకన్లు వెనకబడ్డ సర్వర్: ఎస్‌ఏఎంఎల్ లాగిన్‌తో నా అనుభవం

ఆ రోజు పొద్దున వచ్చిన మొదటి ఫిర్యాదు: "లాగిన్ అవ్వట్లేదు. రెండు మూడు సార్లు ప్రయత్నిస్తే అవుతోంది." మా అప్లికేషన్‌కి సొంత పాస్‌వర్డ్ అంటూ లేదు, ఎస్‌ఏఎంఎల్ పద్ధతిలో సింగిల్ సైన్-ఆన్ ద్వారానే, అంటే వేరే ఐడెంటిటీ సర్వర్‌లో లాగిన్ అయ్యే లోపలికి రావాలి. ఐడెంటిటీ సర్వర్ చూసుకునే టీమ్‌ని అడిగితే, వాళ్ల లాగ్‌లో ప్రతి లాగిన్ విజయవంతం అనే ఉంది. వాళ్లు చెప్పింది నిజమే. పాస్‌వర్డ్ సరిచూసి, లాగిన్ అయింది ఫలానా వ్యక్తే అని చెప్పే అసర్షన్ మీద డిజిటల్ సంతకం పెట్టి పంపేశారు. దాన్ని తిప్పికొడుతున్నది మా వైపే.

వచ్చే రిక్వెస్ట్‌లని పంచే లోడ్ బ్యాలెన్సర్ వెనక మాకు రెండు సర్వర్లు. రెండింటి లాగ్‌లూ పక్కపక్కన పెట్టి చూస్తే ఎర్రర్లన్నీ రెండో దానిలోనే ఉన్నాయి: అసర్షన్ ఇంకా చెల్లుబాటులోకి రాలేదట. గడువు దాటిపోయిందని కాదు, ఇంకా మొదలవ్వలేదని. ఈ తేడా చాలా ముఖ్యం. గడువు దాటిందంటే మన గడియారం ముందుకు పోయి ఉండొచ్చు, లేదా అసర్షన్ దారిలో ఆలస్యమై ఉండొచ్చు. ఇంకా మొదలవ్వలేదంటే మాత్రం ఒకటే అర్థం: పంపినవాళ్ల గడియారం కన్నా మనది వెనక ఉంది.

అయినా కళ్లారా చూడాలనుకున్నాను. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, ఎర్రర్ వచ్చేదాకా నా ఖాతాతోనే లాగిన్ చేశాను. మా అప్లికేషన్‌కి వెళ్లిన పోస్ట్ రిక్వెస్ట్‌లోంచి `SAMLResponse` విలువను ఫైల్‌లోకి కాపీ చేసుకున్నాను. మా అసర్షన్లకు సంతకం ఉంటుంది గానీ ఎన్‌క్రిప్షన్ ఉండదు, కాబట్టి ఈ ఒక్క లైను చాలు:

```
base64 -d saml.txt | grep -o 'NotBefore="[^"]*"'
```

దీన్ని డీకోడ్ చేసిపెట్టే వెబ్‌సైట్లు ఉన్నాయి. దయచేసి వాటిలో పేస్ట్ చేయకండి. చెల్లుబాటులో ఉన్నంతసేపు అసర్షన్ అంటే మీ లాగిన్ తాళంచెవే.

`NotBefore`లో, అంటే అసర్షన్ చెల్లుబాటు మొదలయ్యే సమయంగా, 04:42:10 ఉంది. అదే ప్రయత్నాన్ని మా రెండో సర్వర్ లాగ్ 04:41:09కి నమోదు చేసింది. రెండూ యూటీసీలోనే ఉన్నాయి, టైమ్ జోన్ గందరగోళం లేదు. తేడా 61 సెకన్లు. మా కాన్ఫిగరేషన్‌లో గడియారాల తేడాకి ఇచ్చిన సడలింపు 60. లాగ్ సమయానికి అరవై కలిపితే 04:42:09. ఒక్క సెకను చాలక లాగిన్ ఆగిపోయింది.

పొద్దుట్నుంచీ నన్ను తికమక పెట్టిన ఇంకో విషయం కూడా ఇక్కడే తేలింది. ఫోన్ హాట్‌స్పాట్ మీద పనిచేస్తున్న ఒక సహోద్యోగికి రెండో సర్వర్ తగిలినా లాగిన్ అయిపోతోంది. ఆయన నెట్ నెమ్మది. అసర్షన్ మా దగ్గరికి చేరేసరికి రెండు సెకన్లు పడుతోంది, ఈలోగా మా గడియారం సడలింపు లోపలికి వచ్చేస్తోంది.

ఇక ఆ గడియారం ఎందుకు వెనకబడిందో చూడాలి. టైమ్ సర్వర్లని అడిగి గడియారాన్ని సరిచేసే క్రోనీ సర్వీస్ నడుస్తూనే ఉంది, స్టేటస్ పచ్చగా ఉంది. అక్కడితో ఆగి ఉంటే పక్కదారి పట్టేవాణ్ణి. `chronyc sources` కొడితే ప్రతి సోర్స్ ఎదురుగా `Reach` కాలమ్‌లో సున్నా. సర్వీస్ బతికే ఉంది, కానీ దానికి ఒక్క టైమ్ సర్వర్ నుంచీ జవాబు రావట్లేదు. ఈ వర్చువల్ మెషీన్‌ని 41 రోజుల క్రితం కొత్త నెట్‌వర్క్ సెగ్మెంట్‌లో కట్టాం. ఆ సెగ్మెంట్ ఫైర్‌వాల్‌లో టైమ్ సర్వర్లతో మాట్లాడడానికి కావాల్సిన యూడీపీ 123 పోర్టు తెరవలేదు. బూట్ అయినప్పుడు హోస్ట్ నుంచి సరైన సమయమే తీసుకుంది, అప్పట్నుంచి రోజుకి సుమారు ఒకటిన్నర సెకను చొప్పున వెనకబడుతూ వచ్చింది. నలభై రోజులు సడలింపు దాన్ని కప్పిపెట్టింది. అందుకే ఆ రోజు ఎవరూ ఏమీ మార్చకపోయినా లాగిన్లు ఆగిపోయాయి.

సడలింపుని 300 సెకన్లకి పెంచేద్దామని ఒకరు అన్నారు. ఫిర్యాదులు ఆ నిమిషమే ఆగేవి, నిజమే. కానీ అదే వేగంతో జారితే మరో 160 రోజులకి మళ్లీ ఇక్కడికే వస్తాం. పైగా గడువు తీరిన అసర్షన్లని కూడా ఐదు నిమిషాల పాటు రానిస్తాం. నేను ఒప్పుకోలేదు.

ముందు రెండో సర్వర్‌ని లోడ్ బ్యాలెన్సర్ నుంచి తీశాను. గడియారం ఒక్కసారిగా నిమిషం ముందుకు దూకితే అప్పటికే తెరిచి ఉన్న సెషన్లు ఏమవుతాయో ఊహించుకుంటూ కూర్చోవడం నాకిష్టం లేదు. నెట్‌వర్క్ టీమ్ పోర్టు తెరిచాక మళ్లీ చూశాను:

```
chronyc sources
chronyc tracking
```

మా `chrony.conf`లో `makestep 1.0 3` ఉంది. అంటే క్రోనీ మొదలయ్యాక వచ్చే తొలి మూడు సవరణల్లో, తేడా ఒక సెకను దాటితే గడియారాన్ని ఒకేసారి సరిచేస్తుంది. ఈ మెషీన్‌కి అంతవరకు ఒక్క సవరణా అందలేదు కాబట్టి మొదటిదానికే సరైపోయింది. ఎప్పట్నుంచో సవరణలు అందుకుంటున్న సర్వర్ అయితే క్రోనీ మెల్లగా జరుపుకుంటూ పోతుంది. అప్పుడు `chronyc makestep` చేత్తో కొట్టాలి.

`Reach` 377కి చేరేదాకా ఆగాను. అది ఆక్టల్ సంఖ్య, చివరి ఎనిమిది ప్రశ్నలకీ జవాబు వచ్చిందని అర్థం. ఆ తర్వాతే సర్వర్‌ని తిరిగి బ్యాలెన్సర్‌లో కలిపి, పది సార్లు లాగిన్ చేసి చూశాను. పదికి పదీ అయ్యాయి. సాయంత్రం రెండు సర్వర్ల మీదా ఒక అలర్ట్ పెట్టాను: గడియారం తేడా ఒక సెకను దాటినా, `Reach` సున్నా అయినా నాకు మెసేజ్ వస్తుంది.