గాలి లేని సాయంత్రం: పాసేజీలో మూడ్‌కి సరైన పేరు పెట్టడం ఎలా నేర్చుకున్నాను

యూజీసీ నెట్ ఇంగ్లిష్‌కి చదివేటప్పుడు నాకు ఎక్కువ మార్కులు పోయింది సిద్ధాంతాల దగ్గర కాదు. కథాభాగం ఇచ్చి, దాని వాతావరణానికి సరిపోయే మాట ఏదని అడిగే చోట. అక్కడ నాలుగు ఆప్షన్లూ సరైనవే అనిపిస్తాయి. ఒక్కో ప్రశ్నకి 2 మార్కులు. నెగెటివ్ మార్కులు లేవు కాబట్టి ఏదో ఒకటి పెట్టేసి ముందుకు పోయేదాన్ని. మాక్ టెస్టుల కీ చూసుకుంటే రెండింట్లో ఒకటి తప్పేది. ఆ తప్పులు ఎక్కడ జరుగుతున్నాయో వెతుక్కుంటూ నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. డీఎస్సీకి చదివేవాళ్ళకి కూడా పనికొస్తుంది.

ముందు ఒక చిక్కు తీసేద్దాం. టోన్ అంటే చెప్పేవాడికి తను చెప్పే విషయం మీద ఉన్న వైఖరి. మూడ్ అంటే చదివేవాడిలో ఆ భాగం కలిగించే స్థితి. దాన్నే అట్మాస్ఫియర్ అని కూడా అడుగుతారు. సాహిత్య విమర్శలో ఐ.ఎ. రిచర్డ్స్ 1929లో చెప్పిన పద్ధతి కొంచెం వేరు. ఆయన విషయం మీద వైఖరిని ఫీలింగ్ అన్నాడు, వినేవాడి మీద వైఖరిని టోన్ అన్నాడు. రిచర్డ్స్ పేరు పెట్టి అడిగితే ఆయన లెక్క, పాసేజీ ఇచ్చి అడిగితే మామూలు లెక్క. ప్రశ్న తయారు చేసినవాళ్ళే ఈ రెండు మాటలూ కలిపేసే సందర్భాలు ఉంటాయి. అప్పుడు ఆప్షన్లు చూడండి. సింపథెటిక్, ఐరానిక్, డిటాచ్డ్ లాంటివి ఉంటే వాళ్ళు అడుగుతున్నది వైఖరి. గ్లూమీ, ఓమినస్, సెరీన్ లాంటివి ఉంటే ప్రశ్నలో టోన్ అని రాసినా అడుగుతున్నది మూడ్.

ఇక అసలు కష్టం దగ్గరి మాటలతో. నేను అభ్యాసం కోసం ఒక చిన్న పాసేజీ రాసుకున్నాను. మా ఊరు కావలి పక్కన, సముద్రానికి దగ్గర. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటిన తుఫాను గురించి మా అవ్వ చెప్పేది. ముందురోజు గాలే లేదట. "గాలి వీస్తే భయం కాదు తల్లీ, గాలి ఆగిపోయి అల మాత్రం లేస్తే అప్పుడు భయం" అనేది. ఆ మాట ఆధారంగా రాసుకున్నది ఇది:

"ఆ సాయంత్రం ఆకు కదల్లేదు. అయినా అల బరువుగా, దూరం దూరంగా వచ్చి ఒడ్డున పడుతోంది. రోజూ కాకులు వాలే చింతచెట్టు మీద ఒక్క కాకీ లేదు. పిల్లలు పడవ అంచు మీద నుంచి ఇసుకలోకి దూకి నవ్వుతున్నారు. కొండయ్య వల మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. 'గాలి లేకుండా ఈ అలేంది' అన్నారెవరో. ఎవరూ బదులు పలకలేదు. ఆకాశమంతా రాగిరంగు తిరిగింది."

ఆప్షన్లు సెరీన్, మెలాంకలీ, ఈరీ, ఓమినస్ అనుకోండి. ఇలాంటి పాసేజీ ఒక టెస్టులో వచ్చినప్పుడు నేను మెలాంకలీ పెట్టాను. నిశ్శబ్దం, సాయంత్రం, సముద్రం, ఈ మూడూ చూసి అదేదో దిగులు అనుకున్నాను. తప్పు అక్కడే ఉంది. వస్తువుల్ని చూసి పేరు పెట్టాను, వాక్యాలు ఎటు చూస్తున్నాయో గమనించలేదు.

తర్వాత నాకు దొరికిన పరీక్ష కాలం. ఈ భావం వెనక్కి చూస్తోందా, ముందుకు చూస్తోందా, ఇప్పుడే ఇక్కడే ఉందా అని అడగాలి. మెలాంకలీ వెనక్కి చూస్తుంది. పోయినదేదో ఉండాలి, లేదా పోతున్నది కళ్ళముందు ఉండాలి. పై పాసేజీలో ఎవరూ దేన్నీ పోగొట్టుకోలేదు. కాకులు లేవు నిజమే, కానీ వాటి కోసం ఎవరూ బెంగపడటం లేదు. వాటి గైర్హాజరు ఒక సూచన, అంతే. ఓమినస్ ముందుకు చూస్తుంది. ఇంకా జరగనిదాని నీడ ఇప్పటి వస్తువుల మీద పడుతుంది. ఆగిన గాలి, లేచే అల, జవాబు లేని ప్రశ్న, ఇవన్నీ రేపటి వైపు చూపిస్తున్నాయి.

సెరీన్‌ని తీసేయడానికి కొండయ్య చేతులు చాలు. ప్రశాంతంగా ఉన్నచోట పనులు పూర్తవుతాయి. ఇక్కడ వల మడత కుదరడం లేదు. పాసేజీలో విశేషణాల కంటే క్రియల్ని నమ్మమని నేను చెప్పేది ఇందుకే. "ప్రశాంతమైన సాయంత్రం" అని రచయిత రాసినా, మనిషి ఒకే పని మళ్ళీ మళ్ళీ చేస్తే ఆ ప్రశాంతత పైపైన ఉన్నదే. పిల్లల నవ్వు కూడా సెరీన్‌కి సాక్ష్యం కాదు. పెద్దవాళ్ళకి తెలిసింది పిల్లలకి తెలియదు. ఆ తేడా వల్లే మనకి భయం పెరుగుతుంది.

ఈరీకీ ఓమినస్‌కీ మధ్య తేడా నన్ను చాలా రోజులు ఇబ్బంది పెట్టింది. రెండూ భయం వైపే. ఒక ప్రశ్న వేసుకుంటే విడిపోతాయి: కారణం చెప్పేస్తే ఈ భావం పోతుందా, పెరుగుతుందా? పాడుబడ్డ బంగళాలో రాత్రి అడుగుల చప్పుడు ఈరీ. అది పిల్లి అని తెలిస్తే పోతుంది, ఎందుకంటే అక్కడ వింత అంతా తెలియకపోవడంలోనే ఉంది. మన పాసేజీలో "తుఫాను వస్తోంది" అని ఒక వాక్యం కలిపి చూడండి. భావం పోదు, ఇంకా బిగుస్తుంది. కాబట్టి ఓమినస్.

నెల్లూరులో మా రూములో నాతో పాటు తెలుగు పండిట్‌కి చదివే చెల్లెమ్మ ఒకమ్మాయి ఉండేది. నేను ఇంగ్లిష్ మాటలతో తంటాలు పడుతుంటే, "అక్కా, రసాలు తొమ్మిదే, వాటితో పేరు పెడితే అన్నీ భయానకమే అవుతాయి. సంచారీ భావాలు ముప్పై మూడు ఉన్నాయి కదా, వాటితో చూడు" అంది. సంచారీ భావాలంటే మనసులో వచ్చిపోయే చిన్న చిన్న భావాలు. ఆ మాట నాకు దారి చూపించింది. అన్నీ కాకుండా నాలుగైదే వాడుకున్నాను. జరగబోయే కీడు గురించి అనుమానం శంక, అది ఓమినస్‌కి దగ్గర. పిడుగు పడినట్టు ఒక్కసారిగా ఉలిక్కిపడటం త్రాసం, ఇది ఓమినస్ కాదు, స్టార్ట్‌లింగ్. పాతదాన్ని తలుచుకోవడం స్మృతి, అందులో తీపి ఎక్కువైతే నోస్టాల్జిక్, అందనిదాని మీద మెత్తని కోరిక ఉంటే విస్ట్‌ఫుల్. దేని మీదా ఆశ లేక మనసు విరిగిపోవడం నిర్వేదం, బ్లీక్ అనే మాట ఆ చుట్టుపక్కలది. తెలుగులో భావం గట్టిగా పట్టుకున్నాక ఇంగ్లిష్ మాట ఎంచుకోవడం తేలికైంది.

ఒక జాగ్రత్త మాత్రం ఉంది. సంచారీ భావం పాత్రలో పుట్టేది. మూడ్ పాఠకుడికి అందేది. కొండయ్యది శంక, మనకి కలిగేదీ శంకే, ఇక్కడ రెండూ కలిశాయి. పిల్లలది సంతోషం, అది పాసేజీ మూడ్ కాదు. పాత్ర భావాన్ని మూడ్‌గా పెట్టడం నేను చూసిన తప్పుల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు జరిగేది. వాతావరణం కోసం అలంకారశాస్త్రంలో వెతకాలంటే ఉద్దీపన విభావం దగ్గర, అంటే భావాన్ని రగిలించే పరిసరాల దగ్గర వెతకాలి. గాలి, అల, ఆకాశం రంగు అక్కడికి చెందుతాయి.

ఇదే పాసేజీ టోన్ అడిగితే? కథకుడు "భయం" అనే మాట ఎక్కడా వాడలేదు. చిన్న వాక్యాలు, చూసింది చూసినట్టు. ఇక్కడ డిటాచ్డ్, రెస్ట్రెయిన్డ్ రెండూ ఆప్షన్లలో ఉంటే ఆగి ఆలోచించాలి. డిటాచ్డ్ అంటే ఏమీ పట్టనట్టు ఉండటం. పట్టని మనిషి పిల్లల నవ్వు పక్కనే కొండయ్య చేతుల్ని పెట్టడు. అన్నీ పట్టించుకుని, మాట మాత్రం బిగపట్టుకున్నాడు కాబట్టి రెస్ట్రెయిన్డ్. మూడ్ ఓమినస్, టోన్ రెస్ట్రెయిన్డ్. ఒకటి రెండోదాన్ని కాదనదు.

నేను చేసిన అభ్యాసాల్లో బాగా పనికొచ్చింది ఒక వాక్యం మార్చి చూడటం. ఇదే పాసేజీ చివర "ఆ చింతచెట్టు ఇప్పుడు లేదు, ఆ పడవా లేదు" అని కలపండి. కాలం తిరగబడుతుంది. కథకుడు చాలా ఏళ్ళ తర్వాత నిలబడి వెనక్కి చూస్తున్నాడు. పిల్లల నవ్వు ఇప్పుడు పోయినదాని గుర్తు. మూడ్ ఎలిజయాక్, అంటే పోయినదాని కోసం విలపించేది అవుతుంది. కొండయ్య వాక్యం, 'గాలి లేకుండా' అన్న వాక్యం, బదులు లేని వాక్యం తీసేసి, కాకుల్ని చెట్టు మీదికి తెచ్చి, అలని మామూలుగా రానివ్వండి. సెరీన్ అవుతుంది. ఏ వాక్యం తీస్తే మూడ్ మారిందో, మీ జవాబుకి అదే సాక్ష్యం. పరీక్షలో మార్చి రాసే టైమ్ ఉండదు, కానీ ముప్పై పాసేజీల మీద ఇలా చేశాక ఆ వాక్యం చదువుతుండగానే కనబడుతుంది. చివరి వాక్యాన్ని రెండోసారి చదవడం మాత్రం ఏ తొందరలోనూ మానకండి, మలుపు ఎక్కువగా అక్కడే దాక్కుంటుంది.

రాతపూర్వకంగా జవాబు రాయాల్సిన పరీక్షల్లో "వాతావరణం భయంగా ఉంది" అని ఆపితే సగం మార్కులే. నేను ఇలా రాస్తాను: "ఇందులోని వాతావరణం కీడు శంకించేలా ఉంది. గాలి లేకుండా అల లేవడం, కాకులు లేకపోవడం రాబోయేదాన్ని సూచిస్తున్నాయి. కొండయ్య వలని పదేపదే మడవడం, ప్రశ్నకి ఎవరూ బదులివ్వకపోవడం ఆ శంకని మనుషుల్లో చూపిస్తున్నాయి. పిల్లల నవ్వు దాన్ని తగ్గించకుండా పెంచుతోంది." మాట, ప్రకృతిలో సాక్ష్యం, మనుషుల్లో సాక్ష్యం, ఎదురుగా కనబడేదానికి సమాధానం. ఆ చివరిది రాసేవాళ్ళు తక్కువ.

ఇంకొక్క విషయం. కనిగిరి నుంచి వచ్చిన స్నేహితురాలు ఒక టెస్టులో వాన పాసేజీకి జాయస్ పెట్టి తప్పు చేసింది. వాళ్ళవైపు మెట్టనేలలు, వాన పడితే ఊరంతా వీధిలోకి వస్తుంది. ఆ పాసేజీలో వాన కారుతున్న కప్పు కింద ఒక ముసలాయన గిన్నెలు జరుపుతూ ఉన్నాడు. వాన అనగానే మా తీరంవాళ్ళం భయం పెడతాం, వాళ్ళు సంతోషం పెడతారు. ఇద్దరం తప్పే. ఆ పేజీలో వాన పడుతున్నది మా ఊళ్ళలో కాదు, ఆ ముసలాయన గిన్నెలో. ఆ గిన్నె నిండగానే ఆయన ఏం చేశాడో చెప్పే వాక్యం దగ్గర జవాబు ఉంది: లేచి పారబోయలేదు, నిండి పొర్లుతుంటే చూస్తూ కూర్చున్నాడు. కీలో ఉన్న జవాబు డిస్పాండెంట్, అంటే ఆశ వదిలేసుకున్న స్థితి.