ఏడు నిమిషాల ఫోన్‌కి పావుగంట బిల్లు

ఒంగోల్లో రొయ్యల మేత వ్యాపారం చేసే క్లయింట్ ఒకాయన నిన్న వేరే కన్సల్టెంట్ బిల్లు చూపించి, "ఏడు నిమిషాలు మాట్లాడితే పావుగంటకి వేశాడేంది అన్నా?" అని అడిగారు. గంటకి 1,200 రూపాయలు. ఆ రోజు ఫోన్ 7 నిమిషాలు, మెయిల్ 20, స్టాక్ లెక్కల సెట్టింగ్ 50, అంతా కలిపి 77 నిమిషాల పని. ప్రతి పనినీ విడిగా పావుగంటకి పైకి సర్దితే 15, 30, 60 అయి 105 నిమిషాలకి చేరింది, అంటే 2,100 రూపాయలు. అదే రోజు మొత్తాన్ని ఒక్కసారే సర్దితే 90 నిమిషాలు, 1,800. రూల్ పావుగంటే, ఎక్కడ వాడామన్న దాంట్లోనే 300 తేడా. చిన్న ఫోన్లు ఎక్కువున్న నెలలో ఇది బాగా పెరుగుతుంది.

నేను ఆరు నిమిషాల లెక్క వాడతాను. ఆరు నిమిషాలంటే గంటలో పదో వంతు కాబట్టి, రోజు మొత్తం 77 నిమిషాల్ని ఒక్కసారే పైకి సర్దితే 78, అంటే 1.3 గంటలు, 1,560 రూపాయలు. ఈ రూల్ పని మొదలెట్టకముందే ఒప్పందంలో రాస్తాను. బిల్లులో తేదీ, చేసిన పని, అసలు నిమిషాలు, బిల్లు గంటలు పక్కపక్కనే పెడతాను. 1.3 అంటే గంటా ముప్పై నిమిషాలని చాలామంది అనుకుంటారు, అందుకే పక్కన "78 నిమిషాలు" అని కూడా తప్పకుండా రాస్తాను.