దిగంతరేఖకు చేరని మెట్లు

మా ఇంటి పక్క సందులోకి మేము మెట్లు కట్టామనీ, ఫిర్యాదు అందగానే రాత్రికి రాత్రి పగలగొట్టామనీ పక్కింటివారు ఒక ఫొటో జతచేసి ఇచ్చిన అర్జీ నిన్నటితో మూతపడింది. ఆ మెట్లు ఏనాడూ లేవు. లేనివాటిని లేవని నిరూపించడానికి నాకు నాలుగు నెలలు పట్టింది.

నోటీసుకు జవాబివ్వడం ఒక పూట పని. సమాచార హక్కు కింద అసలు ఫొటో ఫైలు తీసుకోవడానికి నెల పట్టింది. జిరాక్సు కాగితం మీద ఏ లెక్కా నిలవదు కాబట్టి, ఇలాంటి చిక్కులో పడినవారు మొదటి రోజే అసలు ఫైలు అడగాలి, వాట్సాప్‌లో పంపుతామంటే ఒప్పుకోకూడదు.

ఇరవై ఆరేళ్లు పాలిటెక్నిక్‌లో ఇంజినీరింగ్ డ్రాయింగ్ చెప్పినవాణ్ణి కనుక, ఏం వెతకాలో నాకు తెలుసు. ఒకే దిక్కుకు సాగే సమాంతర రేఖలన్నీ ఫొటోలో ఒక బిందువు వైపు పోతాయి. నేలకు మట్టంగా ఉన్న రేఖలు ఏ దిక్కుకు పోయినా, వాటి బిందువులన్నీ ఒకే అడ్డగీత మీద, అంటే దిగంతరేఖ మీదే ఉంటాయి. వేరే చోట, వేరే కోణంలో తీసిన వస్తువును తెచ్చి అతికిస్తే, దాని రేఖలు తమ పాత దిగంతరేఖకే పోతాయి.

ఫొటోను ప్రింటు తీయించి, గీతలు గీసి, నోటీసు ఇచ్చిన ఆఫీసుకు పట్టుకెళ్లాను. అక్కడి ఇంజినీరు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి, ఎదుటి పక్షంవారి ముందే, "మాస్టారూ, మెట్ల సంగతి తర్వాత, మీ ఇంటి కిటికీల గీతలే ఒకచోట కలవడం లేదు. ఇల్లు కూడా అతికించారంటారా?" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. నిజానికి అతను చెప్పినదాంట్లో తప్పు లేదు. కిటికీ గట్టు, పిట్టగోడ, అరుగు అంచుల గీతలు మూడూ మూడు చోట్లకు పోయాయి. నా విద్యార్థి వయసున్న మనిషి ముందు ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకున్న క్షణం నేను మరిచిపోలేను.

కారణం ఆ రాత్రి దొరికింది. పిట్టగోడ అంచుకు స్కేలు ఆనించి చూస్తే, మధ్యలో పైకి ఉబ్బి, కొసలు కిందికి వంగి ఉంది. ఎక్కువ వెడల్పు పట్టే లెన్సుతో తీసిన ఫొటోలో అంచుల దగ్గరి సరళరేఖలు ఇలాగే బయటికి వంగుతాయి. ఆ వంపు తీయకుండా గీత గీస్తే నిజమైన ఇల్లు కూడా దొంగదిగా కనిపిస్తుంది. ఫొటోలో ఒక భాగాన్ని ఎవరైనా సాగదీసి ఉంటే వంపు అక్కడికక్కడే ఉంటుంది, లెన్సు వంపు మాత్రం ఫొటో అంతటా ఒక క్రమంలో, మధ్య నుంచి అంచులకు పోయేకొద్దీ పెరుగుతుంది. GIMP అనే ఫొటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో Lens Distortion తెరిచి, పిట్టగోడ స్కేలుకు సరిపోయేదాకా సవరించాను. ఆ ఒక్క సవరణతో కిటికీలు, అరుగు కూడా తిన్నగా అయ్యాయి.

తర్వాత Canvas Sizeతో బొమ్మకు ఎడమవైపు ఖాళీ పెంచి మళ్లీ గీశాను. 4000 పిక్సెళ్ల వెడల్పున్న ఆ ఫొటోలో సందు వెంబడి రేఖలు ఫొటో లోపలే, నడిమికి కుడివైపు 1140 పిక్సెళ్ల దూరంలో కలిశాయి. ముందు గోడ రేఖలు ఎడమవైపు 3000 పిక్సెళ్ల దూరంలో, అంటే ఫొటో బయట, కలిశాయి. ఆ రెండు బిందువులనూ కలిపితే దిగంతరేఖ వచ్చింది. మెట్ల అంచులు ముందు గోడకు సమాంతరమే కనుక అవీ ఎడమ బిందువుకే పోవాలి. కానీ తొమ్మిది మెట్ల గీతలూ దానికంటే 270 పిక్సెళ్లు ఎత్తున కలిశాయి. మెట్టు అంచు గుర్తించడంలో ఒక పిక్సెల్ తప్పితే అంత దూరంలో పన్నెండు పిక్సెళ్ల దాకా తేడా వస్తుంది, 270 రాదు.

"మెట్లు వంకరగా కట్టి ఉంటారు" అని ఎదుటివారు వాదించారు. పక్కకు తిరిగినంత మాత్రాన బిందువు దిగంతరేఖ మీద జరుగుతుందే తప్ప పైకి లేవదు, పైకి లేవాలంటే మెట్టే వాలుగా ఉండాలి. ఆ వాలు ఎంతో కూడా లెక్కకట్టాను. ఇంటి మూల లంబకోణం కాబట్టి 3000నూ 1140నూ గుణించి వర్గమూలం తీస్తే లెన్సుకూ బొమ్మ పడే తలానికీ మధ్య దూరం సుమారు 1850 పిక్సెళ్లు. దాన్నిబట్టి కెమెరా నుంచి ఎడమ బిందువుకు సుమారు 3500. 270ని దానితో భాగిస్తే మీటరుకు దాదాపు 7.7 సెంటీమీటర్ల వాలు. అంటే మూడడుగుల మెట్టు ఒక కొసన 7 సెంటీమీటర్లు లేచి ఉండాలి, అదీ తొమ్మిది మెట్లూ ఒకే తీరున. అలాంటి మెట్లను ఏ మేస్త్రీ కట్టడు.

ఈసారి అదే ఇంజినీరు స్కేలు తీసుకుని, నా గీతల మీద నమ్మకం ఉంచకుండా, స్క్రీన్ మీద నాలుగు మెట్లకు తానే గీసి చూశాడు. నాలుగూ అదే చోటికి పోయాయి. ఫైలు మీద సంతకం పెట్టి, కుర్చీ నా వైపు జరిపి, "ఆ లెన్సు సవరణ ఎలా చేశారో ఒకసారి చూపించండి, మాస్టారూ" అన్నాడు. చూపించాను.