పిన్ని అద్దె డబ్బులు

"అవతలివాళ్లు ఒప్పుకోకుండా మేం వెనక్కి తీయలేమమ్మా" అని బ్యాంకులో చెప్పగానే పిన్ని ముఖం వాడిపోయింది.

ఇంటి అద్దె 12,000. ఓనరు ఫోన్ నంబర్లో ఒక్క అంకె మారి, యూపీఐలో ఎవరికో వెళ్లిపోయింది. పిన్ కొట్టే ముందు స్క్రీన్ మీద వేరే పేరే కనిపించిందట, కానీ హడావుడిలో ఎవరు చూస్తారు?

యాప్‌లో ఆ చెల్లింపు తెరిస్తే, దాన్ని గుర్తుపట్టే 12 అంకెల యూటీఆర్ నంబరు ఉంది. అది రాసి అర్జీ ఇచ్చాం. దాన్ని పట్టుకుని మన బ్యాంకు అవతలి బ్యాంకుకు రాస్తుంది, వాళ్లు తమ ఖాతాదారుని అడుగుతారు. ఆయన సరే అంటేనే డబ్బు తిరిగొస్తుంది.

పక్కింటావిడ 1930కి ఫోన్ చేయమంది. అది సైబర్ మోసాల కోసం. ఇక్కడ ఎవరూ మోసం చేయలేదు, అడగకముందే ఆ మనిషిని దొంగని చేయడం నాకు నచ్చలేదు.

ఆయన ఇవ్వనంటే మాత్రం లాయరు నోటీసు, కోర్టు. అది తలచుకుంటేనే పిన్నికి టెన్షన్.

అర్జీ నకలు మీద తేదీ, ముద్ర వేయించుకున్నాం. 30 రోజుల్లో బ్యాంకు జవాబివ్వకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు cms.rbi.org.in లో ఫిర్యాదు చేయొచ్చు. అప్పుడు ఆ కాగితమే అడుగుతారు.