కడిగిన కొద్దీ

పోయిన ఏడాది దీపావళి వెళ్లిన మర్నాటి రాత్రి మా వారు మంచం మీద పక్కకి జరిగి, "ఏంటే ఆ వాసన? సరిగ్గా కడుక్కోవట్లేదా?" అన్నారు. అని అటు తిరిగి పడుకున్నారు. రెండు నిమిషాల్లో గురక. నాకు మాత్రం తెల్లారేదాకా కన్ను మూతపడలేదు.

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. వాసన నాకూ తెలుస్తూనే ఉంది. చేపలు కడిగిన నీళ్లు సింకులో నిలిచిపోతే వస్తుందే, ఆ వాసన. మేం కలిసిన తర్వాత, నెలసరి ఆగిన రెండు మూడు రోజులూ ఎక్కువ. పల్చగా, కాస్త బూడిద రంగు కలిసిన తెల్లబట్ట. దురద పెద్దగా లేదు, నొప్పి లేదు. నేను స్కూల్లో టీచర్ని. స్టాఫ్‌రూమ్‌లో ఫ్యాన్ కిందున్న నా కుర్చీ వదిలేసి గుమ్మం పక్కకి మారాను. ఎందుకు మారావని ఎవరూ అడగలేదు. అడగలేదంటే వాళ్లకీ వాసన తెలిసిపోయిందనే అనుకున్నాను.

ఆ మాట పడ్డాక ఇక కడగడం మొదలుపెట్టాను. ముందు టాయిలెట్ పక్కనుండే హ్యాండ్ షవర్‌ని లోపలికి పెట్టి నీళ్లు కొట్టేదాన్ని. ఆ పూటకి వాసన పోయేది, మర్నాటికి మళ్లీ వచ్చేది. అప్పుడు సబ్బు. సబ్బుకి మంట పుడితే, మెడికల్ షాపులో ఆడవాళ్ల కోసమని అమ్మే వాష్ కొన్నాను. అది పైన మాత్రమే వాడాలని సీసా వెనక చిన్న అక్షరాల్లో ఉంది. నేను వేలితో లోపలికి రాసి కడిగాను. అదీ చాలక, గాయాలు కడిగే యాంటీసెప్టిక్ ఒక మూత మగ్గు నీళ్లలో కలిపి పొద్దునా రాత్రీ వాడాను. మొదట్లో నాలుగు రోజులకోసారి వచ్చే వాసన రెండు నెలలు తిరిగేసరికి రోజూ రావడం మొదలైంది. నేను చాలినంతగా కడగట్లేదేమో అనుకున్నాను తప్ప, కడగడమే తప్పని ఒక్కసారి కూడా తోచలేదు.

మా అత్తయ్యకి చెబితే "వేడి చేసిందే, సబ్జా నానబెట్టి తాగు" అన్నారు. తాగాను. బార్లీ నీళ్లూ తాగాను. దానివల్ల బాత్రూమ్‌కి వెళ్లడం ఎక్కువైంది, వెళ్లినప్పుడల్లా కడగడమూ ఎక్కువైంది.

సంక్రాంతి తర్వాత ఊళ్లోనే ఒక ప్రైవేటు క్లినిక్‌కి వెళ్లాను. స్కానింగ్ తీయించారు. రిపోర్టులో 'బల్కీ యూటరస్' అని ఉంది. డాక్టరు నన్ను బల్ల ఎక్కించలేదు, లోపల చూడలేదు, ఎలా కడుక్కుంటున్నావని అడగనూ లేదు. "గర్భసంచి వాచిందమ్మా. పిల్లలిద్దరూ పుట్టేశారుగా, తీయించేస్తే ఈ గొడవంతా వదిలిపోతుంది. అలాగే ఉంచుకుంటే రేపు క్యాన్సరే కావచ్చు" అన్నారు. నాకప్పుడు 34 ఏళ్లు. లోపల పెట్టుకునే మాత్రలు రాసి, ఆపరేషన్‌కి ఎప్పుడొస్తారో చెప్పమన్నారు.

ఆ 'క్యాన్సరే కావచ్చు' అన్న మాట వాళ్లకి నోటి చివర మాట. మా పిన్ని గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్‌తో పోయింది. చివరి రోజుల్లో ఆవిడ గదిలోకి వెళ్లాలంటే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోవాల్సి వచ్చేది. నాకు గుర్తొచ్చింది ఆ గదే.

ఆ రాత్రి పిల్లలు పడుకున్నాక బాత్రూమ్ తలుపేసుకుని, మూత బదులు సీసానే మగ్గులోకి వంచాను. నీళ్లు తెల్లగా పాలలా మారాయి. ఆ నీళ్లు లోపల పోసుకున్న రెండు నిమిషాలకి పచ్చి పుండు మీద కారం చల్లినట్టయింది. ఎన్ని నీళ్లు కొట్టినా మంట తగ్గదే. కింద టైల్స్ మీద కూర్చుండిపోయాను. కాసేపటికి తుడుచుకున్న గుడ్డ మీద ఎర్రటి జీర కనిపించింది. నెలసరికి ఇంకా పన్నెండు రోజులుంది. అయిపోయింది, పిన్నికి వచ్చిందే నాకూ వచ్చింది అనుకున్నాను. బకెట్ అంచు పట్టుకుని అన్నవరం సత్యనారాయణ స్వామికి మొక్కుకున్నాను, ఇది అది కాకుండా ఉంటే కొండెక్కి వ్రతం చేయించుకుంటానని. రెండున్నరకి ఆయన లేచి తలుపు కొట్టి, "కడుపు నొప్పా?" అన్నారు. అవునన్నాను. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ కలిపి తలుపు సందులోంచి ఇచ్చారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మర్నాడు సెలవు పెట్టి పక్క టౌన్లో ఉన్న ప్రభుత్వ ఆసుపత్రికి ఒక్కదాన్నే వెళ్లాను. రెండు గంటలు లైన్లో నిలబడ్డాక లోపలికి పిలిచారు. అక్కడి డాక్టరమ్మ నా మాట పూర్తి కాకముందే "ఇవాళ లోపల కడుక్కుని వచ్చావా?" అని అడిగారు. సిగ్గుతోనే, శుభ్రంగా కడుక్కునే వచ్చానని చెప్పాను. ఆవిడ పెన్ను కింద పెట్టేశారు. "చూడాల్సినదంతా కడిగేసుకొచ్చి నన్ను ఏం చూడమంటావమ్మా?" లోపల పరీక్ష చేసి, చర్మం కాలినట్టు ఎర్రగా ఉందని, ఆ రక్తం ఆ మంట వల్లే వచ్చినట్టుందని, అయినా క్యాన్సర్ పరీక్ష మాత్రం తప్పకుండా చేస్తానని అన్నారు. పొత్తికడుపు నొక్కి చూశారు, జ్వరం వచ్చిందా అని అడిగారు. లేదంటే తల పంకించారు. ఒత్తిడితో లోపలికి కొట్టిన నీళ్లు ఒక్కోసారి కింద ఉన్న క్రిముల్ని గర్భసంచిలోకి తోసేస్తాయట. అప్పుడు జ్వరం, పొత్తికడుపులో నొప్పి వస్తే అది వేరే రోగం, ఒక్క రోజు కూడా ఆగకూడదు. మందు ఏమీ ఇవ్వకుండా, వారం పాటు లోపల చుక్క నీళ్లు పోయొద్దు, భర్తతో కలవొద్దు, ఆ మాత్రలూ పెట్టుకోవద్దని చెప్పి పంపేశారు.

ఆ వారం వాసనతోనే బతికాను. అంత కష్టమైన వారం నా జీవితంలో ఇంకోటి లేదు, రెండు కాన్పులతో కలిపి చెబుతున్నాను.

రెండోసారి వెళ్లినప్పుడు నన్ను బల్ల ఎక్కించి, చిన్న కాగితం ముక్కకి లోపలి తడి అంటించారు. ఆరోగ్యంగా ఉంటే పసుపు రంగులోనే ఉండాల్సిన కాగితం నాకు ఆకుపచ్చకి తిరిగింది. అంటే లోపల ఉండాల్సిన పులుపు పోయింది. పీహెచ్ 4.5 దాటకూడదు, నాది దాటింది. తర్వాత గాజు పలక మీద తీసిన తడిలో ఏదో ద్రావణం ఒక చుక్క వేశారు. గుప్పుమని అదే వాసన, గదిలో అందరికీ తెలిసేంత. నర్సమ్మ మొహం చిట్లించలేదు, ఆ వాసనే ఇక్కడ పరీక్ష అని నాతో మెల్లగా చెప్పింది. ఆ పలకని మైక్రోస్కోప్ కింద పెట్టి, కణాల అంచులంతా క్రిములు అతుక్కుని ఉన్నాయన్నారు. బాక్టీరియల్ వెజైనోసిస్ అని రాశారు. ముఖద్వారానికి వెనిగర్ లాంటి పల్చటి ఆమ్లం పూసి చూశారు. తెల్ల మచ్చలు తేలలేదు. క్యాన్సర్ లక్షణాలు కనిపించలేదు, ఐదేళ్లకోసారి మాత్రం చూపించుకో అన్నారు. బల్ల దిగి చెప్పులు వేసుకోవడానికి నాకు కాళ్లు ఆడలేదు.

ఆవిడ చెప్పిన తీరు ఇంకా నా చెవుల్లో ఉంది. "ఇంట్లో పెరుగు తోడు పెడతావు కదా. పాలల్లో వేసిన ఆ తోడులో ఉండేలాంటి మంచి క్రిములే నీ లోపలా ఉంటాయి. అవే పులుపు పుట్టించి చెడ్డవాటిని పెరగనివ్వవు. తోడేసిన గిన్నెలో రోజూ రెండుసార్లు సబ్బునీళ్లు పోస్తే పెరుగు తోడుకుంటుందా?" కడిగినప్పుడల్లా నేను పారబోసింది ఆ తోడునే. ఆ ఖాళీలో ముందు పెరిగేవి వాసన క్రిములు. వాటి నుంచి పుట్టే పదార్థం పులుపులో అణిగి ఉంటుంది, పులుపు విరిగితే గాల్లోకి లేస్తుంది. సబ్బూ, నెలసరి రక్తమూ, మగవాళ్ల వీర్యమూ అన్నీ పులుపుని విరిచేవే. ఆయనకి సరిగ్గా ఆ రాత్రే వాసన ఎందుకొచ్చిందో అప్పుడు అర్థమైంది. పాపం ఆయన తప్పేముంది అంటుంది మనసు, ఆ మాటకి మాత్రం ఇప్పటికీ క్షమించలేదు. (పెరుగు మాట విని మా తోడికోడలు "అయితే పెరుగే లోపల పెట్టుకుంటే పోలా" అంది. వద్దు. ఆ క్రిములు వేరు, ఈ క్రిములు వేరని డాక్టరమ్మ ముందే హెచ్చరించారు.)

మందు చూస్తే మామూలు మెట్రోనిడజోల్ 400, పూటకొకటి చొప్పున రోజుకి రెండు, ఏడు రోజులు. నోట్లో రాగి చెంబు నాకినట్టుండేది, అన్నం తిన్నాక వేసుకుంటే వికారం కాస్త తగ్గేది. నాలుగో రోజుకి వాసన పోయింది. ఐదో రోజుకి మానేయాలనిపించినా మానలేదు.

స్కానింగ్ రిపోర్టు చూపించి గర్భసంచి సంగతి అడిగితే డాక్టరమ్మకి కోపం వచ్చింది. రెండు కాన్పులైన మనిషి గర్భసంచి కాస్త పెద్దగా ఉండటం మామూలే, దాని మీద అలా రాయడమూ మామూలే అన్నారు. "వాసన పుడుతున్నది యోనిలో. గర్భసంచి తీసేసినా యోని అక్కడే ఉంటుంది, వాసనా అక్కడే ఉంటుంది. గర్భసంచి మాత్రం ఉండదు." ఈ ముక్క ఎంతమందికి చెబితే ఎన్ని కడుపులు కోతపడకుండా ఉండేవో. చిన్న వయసులోనే గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్లు దేశంలో ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో మన రెండూ ఉన్నాయి. మా వీధిలోనే 'తెల్లబట్టకి' తీయించుకున్నవాళ్లు ముగ్గురున్నారు. అండాశయాలు కూడా తీసేశారేమో, అందులో ఒకావిడ ముప్పై ఆరేళ్లకే ఒళ్లంతా ఆవిర్లని వీధి అరుగు మీద విసనకర్రతో కూర్చునేది.

ఇంతటితో అయిపోయిందని రాస్తే బాగుండేది. మూడు నెలలకి మళ్లీ వచ్చింది. ఈ జబ్బు తిరగబెట్టడం మామూలేనట. నా విషయంలో నా చెయ్యీ ఉంది. ఒక నెలసరి అయ్యాక ఇంకా శుభ్రం కాలేదేమో అనిపించి, ఒక్కసారే కదా అని హ్యాండ్ షవర్ వాడాను. మళ్లీ మాత్రలు, మళ్లీ రాగి చెంబు.

ఇప్పుడు స్నానంలో పైపైన మామూలు నీళ్లతో కడుక్కుంటాను, వేలు కూడా లోపలికి పోనివ్వను. సువాసన ప్యాడ్లు మానేశాను. నాకు తెల్లబట్ట ఇప్పటికీ అవుతుంది, నెల మధ్యలో గుడ్డులోని తెల్లసొనలా సాగుతుంది, పులిసిన మజ్జిగ వాసన కొంచెం ఉంటుంది. అది రోగం కాదని తెలియడానికి నాకు ముప్పై నాలుగేళ్లు పట్టింది. పెరుగు విరిగినట్టు ముద్దలుగా పడి దురద పెడితే అది ఇంకోటి, దాని మందు వేరు. కలిసిన తర్వాత రక్తం కనిపించినా, కుళ్లిన వాసనతో నెత్తుటి నీరు పోయినా సబ్జా గింజలు నానబెట్టుకుంటూ కూర్చోకండి. మా పిన్ని అలాగే కూర్చుంది.

యాంటీసెప్టిక్ సీసాతో ఇప్పుడు వరండా తుడుస్తున్నాను. అన్నవరం మొక్కు ఇంకా తీరలేదు. కార్తీకంలో వెళ్దామని ఆయనే టికెట్ల సంగతి చూస్తున్నారు. "ఇంతకీ దేనికే మొక్కుకున్నావు?" అని మొన్న అడిగారు. పిల్లల చదువుకి అన్నాను.