ఎఫ్‌డీ రెన్యువల్‌కి వెళ్తే 8.30 శాతం అని చీటీ ఇచ్చారు

2021 ఏప్రిల్‌లో నాలుగేళ్లకు వేసిన 20 లక్షల ఎఫ్‌డీ 2025 ఏప్రిల్‌లో మెచ్యూర్ అయింది. సీనియర్ సిటిజన్ రేటు 5.8 శాతం. మూడు నెలలకోసారి 29,000 పడేవి, ఇల్లు వాటితోనే నడిచేది. కేవైసీ, 15హెచ్ ఫారం పనులు ఈసారి చిటికెలో అయిపోయాయి. రెన్యువల్ దగ్గరే తంటా వచ్చింది.

డిపాజిట్ల సీట్లో ఉన్న కుర్రాడు కంప్యూటర్ నుంచి చీటీ తీసి నా ముందు పెట్టాడు. అయిదేళ్లకు ‘యీల్డ్ 8.30 శాతం’ అని లావు అక్షరాలు. కింద, కళ్లజోడు సర్దుకుంటే గాని కనపడనంత సన్నగా, వడ్డీ రేటు 7 శాతం అని ఉంది. ‘ఈ రెండూ ఎందుకు వేరుగా ఉన్నాయి బాబూ?’ అన్నాను. ‘లెక్కలు మాకొదిలెయ్యండి అంకుల్, మీకు ఎనిమిది పైన వస్తోంది, ఇంకేం కావాలి?’ అని గట్టిగా అన్నాడు. వెనక క్యూలో ఎవరో నవ్వారు. పేపరు మిల్లు అకౌంట్స్‌లో ఉద్యోగమంతా చేసి రిటైరైనవాణ్ని నేను. టన్నుకు పైసా తేడా వస్తే పట్టుకున్న చెయ్యి ఇది.

అక్కడే కుర్చీలో కూర్చుని ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీశాను. మూడు నెలలకు 1.75 శాతం చొప్పున ఇరవై సార్లు చక్రవడ్డీ కడితే 10 లక్షలు 14,14,778 అవుతాయి. వడ్డీ 4,14,778. దాన్ని అయిదుతో భాగిస్తే ఏడాదికి 82,956, అంటే 8.30 శాతం. చక్రవడ్డీతో పెరిగిన మొత్తాన్ని బారువడ్డీలా పంచి చూపించారన్నమాట. నిజంగా ఏడాదికి వచ్చేది 7.19 శాతమే. అదీ వడ్డీ ముట్టుకోకుండా ఉంచితే. నాలా మూడు నెలలకోసారి తీసుకునేవాళ్లకు అంతా కలిపి 7 శాతమే. ఈ మాట చెబితే ఆ కుర్రాడు స్క్రీన్ వైపు తిరిగి, ‘సిస్టమ్‌లో అలాగే వస్తుంది’ అన్నాడు.

ఇంటికొచ్చాక పాత డిపాజిట్ లెక్క కూడా తీశాను. అమెరికా ఆర్థికవేత్త ఇర్వింగ్ ఫిషర్ పేరుతో ఒక సూత్రం ఉంది:

`1 + r = (1 + i) / (1 + π)`

i బ్యాంకు ఇచ్చే నామినల్ రేటు, π ద్రవ్యోల్బణం, r మనకు మిగిలే రియల్ రేటు. 2022-23లో సగటు ద్రవ్యోల్బణం 6.7 శాతం. 1.058ని 1.067తో భాగిస్తే 0.9916. అంటే ఆ ఏడాది వడ్డీ అంతా చేతికొచ్చినా 0.84 శాతం నష్టమే. పాస్‌బుక్‌లో ఇది ఎక్కడా కనపడదు. నాలుగేళ్లూ కలిపితే (5.5, 6.7, 5.4, 4.6) ధరలు సుమారు 24 శాతం పెరిగాయి. చేతికి తిరిగొచ్చిన 20 లక్షలు అప్పటి 16 లక్షల పైచిలుకుతో సమానం. వడ్డీ ఎప్పటికప్పుడు తినేశాం కాబట్టి అసలుకు తగిలిన దెబ్బను పూడ్చేదేమీ లేదు. పన్ను కట్టేవాళ్ల పరిస్థితి ఇంకా దారుణం. పన్ను రియల్ రేటు మీద కాదు, మొత్తం 5.8 మీదా పడుతుంది.

బ్యాంకు మనకు రేటు రాసిచ్చేది ముందు రాబోయే ధరల మీద అందరికీ ఉన్న అంచనాతో. 2021లో కోవిడ్ వల్ల రిజర్వ్ బ్యాంకు తాను బ్యాంకులకు అప్పిచ్చే రెపో రేటును 4 శాతం దగ్గరే ఉంచింది. తర్వాత ధరలు ఎగిశాయి, నా రేటు మాత్రం కదల్లేదు. మా పక్కింటి రిటైర్డ్ టీచరుగారికి ఈ బాధ తెలీదు, ఆయన పెన్షన్‌కి ధరలతో పాటు పెరిగే డీఏ ఉంది. నా ఈపీఎఫ్ పెన్షన్‌కి డీఏ లేదు. రిటైరైన రోజు ఎంతో ఇవాళా అంతే. ఎఫ్‌డీలు చాలు అని సలహా ఇచ్చేవాళ్లలో సగం మంది డీఏ వచ్చేవాళ్లే, వాళ్ల మాట వినకండి.

చివరికి ఆ బ్రాంచిలో రెన్యువల్ చెయ్యలేదు. 14 లక్షలు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పొదుపు పథకంలో వేశాను. 8.2 శాతం, మూడు నెలలకు 28,700, దాదాపు పాత వడ్డీయే. మిగతా 6 లక్షలు రిజర్వ్ బ్యాంకు ఫ్లోటింగ్ రేటు బాండ్లలో. పోస్టాఫీసు పొదుపు పత్రం ఎన్‌ఎస్‌సీ రేటుకు 0.35 కలిపి ఆరు నెలలకోసారి మారుస్తారు, నేను వేసినప్పుడు 8.05. ఏడేళ్లు ఆగాలి, 60 దాటినవాళ్లకు వయసును బట్టి కాస్త సడలింపు ఉంది. అయితే ఆ రేటు కూడా ధరల వెంట తిన్నగా నడవదు, ఎన్‌ఎస్‌సీని ప్రభుత్వం ఎంత పెడితే అంత.

బాండ్ల వడ్డీ ఏడాదికి 48,300. అది ఖర్చు పెట్టకుండా మళ్లీ దాచాలని మా ఆవిడతో ఒప్పందం. ద్రవ్యోల్బణం 4.6 దగ్గరే ఉన్నా 20 లక్షల విలువ నిలబడాలంటే ఏటా 92,000 కలపాలి. మిగతా 43,700 మాత్రం ఎక్కణ్ణుంచి తేవాలో ఇంకా తేలలేదు.